ఆఖరి బెంచీకి వినపడేలా

మన ఇళ్లలో పెళ్లయిన చాలా ఏళ్లకి భార్యాభర్తల్ని మళ్లీ పీటల మీద కూర్చోబెట్టే వేడుకలు ఉన్నాయి. అరవై నిండితే షష్టిపూర్తి, డెబ్భై దగ్గర భీమరథ శాంతి, ఇంకా పైబడితే సహస్ర చంద్ర దర్శనం. మూడింటికీ లెక్క భర్త వయసు నుంచే. భార్య పక్కన కూర్చుంటుంది, మంగళసూత్రం మళ్లీ కట్టించుకుంటుంది, కానీ తారీకు ఆవిడది కాదు. రజతోత్సవం అలా కాదు. అందులో లెక్కపెట్టేది పెళ్లయిన సంవత్సరాల్ని, అవి ఇద్దరికీ సమానం. సినిమా 25 వారాలు ఆడితే సిల్వర్ జూబ్లీ అనడం మనకి ఎప్పట్నుంచో అలవాటే. పాతికేళ్ల పెళ్లిరోజుకి హాలు మాట్లాడి, కేకు తెప్పించి, చివర్లో భర్త చేతికి మైకు ఇవ్వడం మాత్రం ఈమధ్య బాగా ఎక్కువైంది. హైదరాబాద్‌లోనూ జరుగుతోంది, అమెరికాలో మనవాళ్లున్న ఊళ్లలో ఇంకా ఎక్కువ.

మైకు చేతికి రాగానే చిక్కు మొదలవుతుంది. పెళ్లినాడు వరుడి చేత అనిపించేవన్నీ సంస్కృతంలో పురోహితుడు చెప్పించే మాటలు. షష్టిపూర్తిలోనూ అంతే. నలుగురి ముందూ భార్య వైపు తిరిగి, తన సొంత మాటల్లో, నువ్వు నాకిది చేశావని చెప్పే సందర్భం మన ఆచారంలో భర్తకి లేదు. టోస్ట్ అనే ఈ ఇంగ్లీషు వాళ్ల పద్ధతి ఆ ఖాళీలోకి వచ్చి కూర్చుంది. గ్లాసు పైకెత్తి ఒకరి పేరు మీద నాలుగు మాటలు చెప్పి, అందరి చేతా ఒక గుక్క తాగించడమే టోస్ట్. అది తెలుగు ఇంటికి వచ్చేసరికి రెండు భాషల్లో చెప్పాల్సి వస్తోంది. హాల్లో సగం మంది అత్తమామలు, బాబాయిలు, పిన్నులు. మిగతా సగం ఆఫీసు వాళ్లు, పక్కింటివాళ్లు, పిల్లల స్నేహితులు. ఈ రెండు భాషల టోస్ట్‌ని ఎలా రాయాలో, ఎక్కడ చెడుతుందో ఒక ఇంట్లో దగ్గరుండి చూశాను కనక దాని గురించే చెబుతాను.

మా పెదనాన్నగారి అబ్బాయిది న్యూజెర్సీ. 2000 ఆగస్టులో తెనాలిలో పెళ్లయింది, ఆ ఏడాది చివరికల్లా ఇద్దరూ ఎడిసన్ దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌లో కాపురం పెట్టారు. వదిన ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. పెళ్లికి ముందు ఒక కాలేజీలో లెక్చరర్. పాతికేళ్ల వేడుక మొన్న 2025 ఆగస్టులో జరిగింది. రెండు వారాల ముందు అన్నయ్య తను రాసుకున్నది నాకు చదివి వినిపించాడు. పదకొండు నిమిషాలు పట్టింది.

అందులో మొదటి చిక్కు నిడివి కాదు. ప్రతి వాక్యాన్నీ ఇంగ్లీషులో చెప్పి, వెంటనే దాన్నే తెలుగులో చెప్పాడు. ఎవరినీ బాధపెట్టకూడదన్న మంచి ఉద్దేశంతో చాలామంది ఇలాగే రాస్తారు. కానీ వినేవాళ్లకి ఏమవుతుందో చూడండి. ఇంగ్లీషు వాక్యం నడుస్తున్నంతసేపూ పెద్దవాళ్లు తమ వంతు కోసం ఎదురుచూస్తారు. తెలుగు మొదలవగానే ఆఫీసువాళ్లు ఫోన్ల వైపు చూస్తారు. రెండు భాషలూ వచ్చినవాళ్లు, అంటే భార్యా పిల్లలే, ప్రతిదీ రెండుసార్లు వింటారు. ఎవరి కోసమైతే ఈ టోస్టో, ఆవిడకే అన్నిటికన్నా ఎక్కువ విసుగు. నవ్వొచ్చే మాటకి హాల్లో ఒక సగం ముందు నవ్వుతుంది, రెండో సగం తర్వాత నవ్వుతుంది, కలిసి ఎవరూ నవ్వరు.

రెండో చిక్కు తెలుగులోనే ఉంది. అన్నయ్య ఇంట్లో మాట్లాడేది చక్కటి తెనాలి తెలుగు. కాగితం మీద మాత్రం శుభలేఖలో దొరికే తెలుగు దిగింది. అర్ధాంగి, సహధర్మచారిణి, పాతిక వసంతాలు, కష్టసుఖాల్లో తోడునీడ. ఈ మాటల్లో తప్పేమీ లేదు, కానీ ఇవి ఏ ఇల్లాలికైనా సరిపోతాయి. వదిన గురించి అందులో ఒక్క ముక్క లేదు. పైగా వాళ్లమ్మాయి పుట్టి పెరిగింది అక్కడే. వంటింట్లో వాళ్లమ్మ మాట్లాడే తెలుగంతా దానికి వచ్చు, సహధర్మచారిణి అంటే రాదు. బరువైన తెలుగు రాస్తే తెలుగు తెలిసిన కూతురు కూడా పరాయిదైపోతుంది.

మిగతాదంతా అన్నయ్య జీవిత చరిత్ర. ఏ కంపెనీలో చేరాడు, ఎప్పుడు మారాడు, ఇల్లెప్పుడు కొన్నాడు. ప్రతి మజిలీ చివరా, ఇదంతా ఆమె సహకారం వల్లే అని ఒక వాక్యం. మధ్యలో, ఇంట్లో నా బాస్ ఆవిడే అన్న పాత జోకు. ఆ జోకు చాలామంది భర్తలు వేస్తారు. నలుగురి ముందూ మెచ్చుకోవడానికి మొహమాటం వేసి వేస్తారు. విన్న ఆవిడ నవ్వుతుంది కూడా. కానీ ఆవిడ మోసిన బరువంతా గయ్యాళితనంగా లెక్కలోకి వెళ్లిపోతుంది. ముందు దాన్ని తీసేయమన్నాను.

ఆ తర్వాత ఒకటే అడిగాను. ఈ పాతికేళ్లలో వదిన చేసిన పనుల్లో, ఇంకెవరూ చూడనిది, నువ్వొక్కడివే చూసినది ఒకటి చెప్పు అని. మనకి ఇంట్లోవాళ్లకి థాంక్స్ చెప్పే అలవాటు లేదు. ధన్యవాదాలు అంటే సభలో వందన సమర్పణలా ఉంటుంది. కానీ చేసిన పనిని పూసగుచ్చినట్టు గుర్తుపెట్టుకుని చెప్పడం మనకి బాగా వచ్చు. అమ్మమ్మలు చేసేది అదే కదా. ఫలానా ఏడు, ఫలానా వానలో, నువ్వు గొడుగు పట్టుకొచ్చావు అని చెప్తే చాలు, అంతకు మించిన కృతజ్ఞత అక్కర్లేదు.

అన్నయ్య కాసేపు ఆలోచించి 2001 డిసెంబర్ గురించి చెప్పాడు. డాట్‌కామ్ కంపెనీలు కూలిపోయి, ఎక్కడ చూసినా ఉద్యోగాలు ఊడుతున్న రోజులవి. నెలాఖరే ఆఖరి రోజని ఆఫీసులో చెప్పేశారు. హెచ్‌-1బి వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే జీతంతో పాటు ఆ దేశంలో ఉండే హక్కూ పోతుంది. ఇప్పుడంటే వేరే ఉద్యోగం వెతుక్కోవడానికి 60 రోజుల దాకా గడువు ఇస్తున్నారు. ఆ నియమం వచ్చింది 2017 జనవరిలో. 2001లో ఆ గడువు కూడా లేదు. పాతవాళ్ల దగ్గర ఆఖరి రోజు అయ్యేలోగా కొత్తవాళ్లు కాగితాలు దాఖలు చెయ్యాలి. చేతిలో ఉన్నది ఒక్క ఇంటర్వ్యూ, అదీ ఫిలడెల్ఫియాలో. అన్నయ్య నోట్సు చదువుకోవాలని వదిన కారు నడిపింది. ఆవిడకి లైసెన్సు వచ్చి ఎన్నో రోజులు కాలేదు. వెనక సీట్లో ఎనిమిది నెలల పాప. అన్నయ్య జవాబులు గొణుక్కుంటుంటే వదిన రోడ్డు మీద నుంచి కళ్లు తిప్పకుండా అందట, “గట్టిగా చెప్పండి, ఆఖరి బెంచీకి వినపడాలి” అని.

ఈ ఒక్క మాటలో వదిన ఉంది. కాలేజీ లెక్చరరూ ఉంది, ఆ చదువుకి పని లేకుండా పోయిన మనిషీ ఉంది. హెచ్‌-1బి మీద వెళ్లినవాళ్ల భార్యలకి ఇచ్చేది హెచ్‌-4. దాని మీద చదువుకోవచ్చు, ఉద్యోగం చెయ్యకూడదు. ఈ నియమం కొందరికి సడలింది 2015 మే 26 నుంచి, అదీ గ్రీన్‌కార్డు దారిలో కొంతదూరం వచ్చిన కుటుంబాలకే. 2000 ప్రాంతంలో వెళ్లిన మన ఆడపిల్లల్లో ఎంతోమంది డాక్టర్లు, ఇంజనీర్లు, లెక్చరర్లు ఏళ్లకేళ్లు ఇంట్లో కూర్చున్నారు. వదినకి దారి కాస్త ముందే తెరుచుకుంది. 2007 జులైలో ఉద్యోగం ద్వారా గ్రీన్‌కార్డు కోరేవాళ్లకి వీసా బులెటిన్‌లో తేదీలు దాదాపు అన్నీ ఒక్కసారిగా తెరిచారు. ఆగస్టు 17 దాకా దరఖాస్తులు తీసుకున్నారు. ఆ గుంపులో వీళ్లూ వేశారు. దాంతో వదిన చేతికి పని చేసుకునే అనుమతి వచ్చింది, ఒక కమ్యూనిటీ కాలేజీ ల్యాబులో చేరింది. అప్పటికి ఏడేళ్లు గడిచాయి. పాతికేళ్లకి కృతజ్ఞత చెప్పాలంటే ముందు చెప్పాల్సింది ఈ ఏడేళ్ల గురించే అని నాకు గట్టిగా అనిపించింది. అన్నయ్య రాసుకున్న మొదటి కాగితంలో ఈ ఏడేళ్లు లేనే లేవు.

ఇక ఏది ఏ భాషలో చెప్పాలి? మేం పెట్టుకున్న పద్ధతి ఇది. హాల్లో అందరికీ తెలియాల్సిన సంగతి ఇంగ్లీషులో, ఆవిడకి సూటిగా చెప్పాల్సినది తెలుగులో. చెప్పింది మళ్లీ చెప్పేది లేదు. కథ ముందే ఇంగ్లీషులో చెప్పేస్తే, తర్వాత తెలుగు రానివాళ్లకి కూడా అతను దేని గురించి మాట్లాడుతున్నాడో ముఖాలు చూస్తే తెలిసిపోతుంది. ఆ మాట అన్నది తెలుగులో, చలిలో కారులో కూర్చున్నది తెలుగులో. దాన్ని తెలుగులోనే చెప్పాలి. మళ్లీ గ్లాసు ఎత్తించే చివరి వాక్యం ఇంగ్లీషులో, ఎందుకంటే ఎప్పుడు లేవాలో, ఎప్పుడు తాగాలో అందరికీ ఒకేసారి అందాలి.

ఇక్కడో పెద్ద మెలిక వచ్చింది. 2001లో ఉద్యోగం పోబోయిన సంగతి తెనాలిలో ఎవరికీ చెప్పలేదు. వదినా వాళ్ల అమ్మానాన్నలకి ఈనాటికీ తెలియదని అన్నయ్య నమ్మకం. వాళ్లేమో వేడుకకి వస్తున్నారు. “ఆ ముక్క ఇంగ్లీషులోనే ఉంటుంది కదా, అత్తయ్యగారికి అందదులే” అన్నాడు. రెండు భాషల టోస్ట్‌లో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఇదేనని నా అభిప్రాయం. ఒక భాషని గోడలా వాడుకుని, ముందు వరసలో కూర్చున్న మనిషికి తెలియకుండా హాలంతటికీ ఒక సంగతి చెప్పడం. మర్నాడు ఎవరో ఒకరు చెప్తారు. అది కూతురి జీవితంలో జరిగిన సంగతి. కాబట్టి ముందు వదినని అడగమన్నాను, చెప్పొచ్చా అని. ఆవిడ సరేనంది, కానీ అమ్మతో మీరే చెప్పాలంది.

వేడుకకి ముందురోజు అన్నయ్య అత్తగారి దగ్గర కూర్చుని చెప్పాడు. ఆవిడ ఆశ్చర్యపోలేదు. “మాకు అప్పుడే అర్థమైంది బాబూ. ఆ నెలంతా మీ ఉద్యోగం ఎలా ఉందని అడిగితే చాలు, అది పాప సంగతులు ఎత్తేది. మేమూ అడగడం మానేశాం” అంది. అన్నయ్య ఆ రాత్రి ఫోన్‌లో ఈ మాట నాకు చెప్తూ చాలాసేపు మాట్లాడలేకపోయాడు. అత్తమామల్ని పేరు పెట్టి పలకరించే వాక్యం ఒకటి టోస్ట్‌లోకి అప్పుడు వచ్చింది.

చివరికి నిలిచింది ఇది. ఇంగ్లీషు ముక్కని అన్నయ్య చిన్న చిన్న వాక్యాలుగా రాసుకున్నాడు.

“గుడ్ ఈవినింగ్. మై డాటర్ టోల్డ్ మి టు కీప్ ఇట్ షార్ట్. సో, ఓన్లీ వన్ స్టోరీ. ఇన్ డిసెంబర్ 2001, ఐ వాజ్ లూజింగ్ మై జాబ్, అండ్ విత్ ఇట్, అవర్ రైట్ టు స్టే హియర్. దేర్ వాజ్ వన్ ఇంటర్వ్యూ, ఇన్ ఫిలడెల్ఫియా. షి డ్రోవ్, సో దట్ ఐ కుడ్ స్టడీ. షి హాడ్ హర్ లైసెన్స్ ఫర్ త్రీ వీక్స్. అవర్ బేబీ వాజ్ ఇన్ ద బ్యాక్ సీట్. ఐ గాట్ ద జాబ్. షి వాజ్ ఎ కాలేజ్ టీచర్, అండ్ ఫర్ సెవెన్ ఇయర్స్ ద లా డిడ్ నాట్ లెట్ హర్ వర్క్. సో, ఇఫ్ ఎనీబడీ టెల్స్ యూ దట్ ఐ బిల్ట్ దిస్ లైఫ్, ప్లీజ్ డోంట్ బిలీవ్ దెమ్. నౌ, వన్ మినిట్ ఇన్ తెలుగు. దిస్ పార్ట్ ఈజ్ ఫర్ హర్.”

ఇక్కడ ఆగి, మైకు కొంచెం దించి, వదిన వైపు తిరగాలి.

“ఆ రోజు కార్లో నేను గొణుక్కుంటుంటే, గట్టిగా చెప్పండి, ఆఖరి బెంచీకి వినపడాలి అన్నావు. తెనాలిలో క్లాసు నిండా పిల్లలకి పాఠం చెప్పినదానివి, ఇక్కడికొచ్చాక నా ఒక్కడికే చెప్పావు. నేను లోపల కూర్చున్నంతసేపూ నువ్వు బయట చలిలో, పాప లేవకుండా, పెట్రోలు అయిపోకుండా, హీటరు వేస్తూ ఆపుతూ కూర్చున్నావు. నేనొచ్చాక ఎలా జరిగిందని అడగలేదు. పెరుగన్నం డబ్బా చేతిలో పెట్టి కారు తిప్పావు. ఏడేళ్లు నీ సర్టిఫికెట్లు సూట్‌కేసులో ఉన్నాయి. నువ్వెప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తాల్సింది నేను, నేనూ ఎత్తలేదు. ఇవాళ అందరి ముందూ ఎత్తుతున్నాను. ఆ ఏడేళ్లూ నీకు నేను బాకీ. అత్తయ్యగారూ, మావయ్యగారూ, మీరు చెప్పించిన చదువు ఎక్కడికీ పోలేదు. దాని మీదే నేను నిలబడ్డాను.”

తర్వాత మళ్లీ అందరి వైపు తిరిగి, “ప్లీజ్ స్టాండ్, విత్ వాటెవర్ ఈజ్ ఇన్ యువర్ గ్లాస్. ఫర్ ట్వెంటీ ఫైవ్ ఇయర్స్, అండ్ ఫర్ దోజ్ సెవెన్ మోస్ట్ ఆఫ్ ఆల్, థాంక్ యూ.” ఆఖరున వదిన పేరు. పేరు తర్వాత ఇంకేమీ లేదు. పేరు వినపడగానే జనం గ్లాసు ఎత్తుతారు. దాని వెనక ఇంకో వాక్యం తగిలిస్తే సగం మంది తాగుతూ, సగం మంది ఆగి ఉంటారు.

మొత్తం మూడు నిమిషాల లోపే. ఇంగ్లీషు నింపాదిగా చెప్తే నిమిషానికి 130 మాటల దాకా నడుస్తుంది. తెలుగులో ఒక్కో మాట పొడుగు కాబట్టి లెక్క అంత రాదు. కాగితం మీద రెండూ సమానంగా కనపడినా తెలుగు ముక్కకి ఎక్కువ సమయం పడుతుంది. గడియారం పెట్టుకుని పైకి చదివి చూసుకోవడమే మార్గం. తెలుగు ముక్కని కాగితం చూడకుండా చెప్పాలని అన్నయ్యకి పట్టుబట్టి చెప్పాను. ఇంగ్లీషు అతను రోజూ ఆఫీసులో చదివేదే, కార్డు చూసి చెప్పినా ఎవరికీ తేడా తెలియదు. ఆవిడతో మాట్లాడుతూ కాగితంలోకి చూస్తే మాత్రం ఎవరో రాసిచ్చినట్టు ఉంటుంది. ఆ భాగంలో నువ్వు అనడం కూడా తేల్చుకున్నదే. మొదట పెద్దవాళ్ల ముందు మర్యాదగా ఉంటుందని మీరు అని రాసుకున్నాడు. ఇంట్లో ఎప్పుడూ అనని పిలుపు మైకులో వస్తే వదినకే కొత్తగా ఉంటుంది కదా.

గ్లాసుల సంగతి చిన్నదే కానీ అక్కడ తప్పులు జరుగుతాయి. మన పెద్దవాళ్లకి గ్లాసు ఎత్తడమంటే మందు తాగడమేమోనని అనుమానం. మామిడిపండు రసం, యాపిల్ జ్యూస్, మంచినీళ్లు ఏదైనా సరే అని ముందే ప్రతి బల్లకీ చెప్పి ఉంచాలి. వడ్డించేవాళ్లు గ్లాసులన్నీ నింపాకే మైకు తీసుకోవాలి, లేకపోతే ఆఖరి మాట చెప్పేసరికి సగం చేతులు ఖాళీ. భోజనాలకి ముందే అయిపోవాలి. బఫే తెరిచాక టోస్ట్ చెప్పడం దండగ. ఎవరి పేరు మీద టోస్టో ఆ మనిషి లేవకూడదు, తన గ్లాసు తాగకూడదు, అది పాశ్చాత్య పద్ధతి. మన ఆడవాళ్లకి ఇది తెలియక, అందరూ లేస్తే తామూ లేస్తారు. ముందే ఒక మాట చెప్తే చాలు. అన్నయ్య మైకు స్టాండు దగ్గర నిలబడకుండా వదిన కుర్చీ పక్కనే నిలబడ్డాడు, అందువల్ల తెలుగు భాగంలో తల వంచితే చాలింది.

వీడియోలో చూశాను. ఆఖరి బెంచీ అనగానే మొదట నవ్వింది వాళ్లమ్మాయి. ఆ తర్వాత తెలుగు ముక్క ఒక్కటీ రాని ఒక ఆఫీసు మిత్రుడు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. హీటరు మాట దగ్గర అన్నయ్య గొంతు పట్టేసింది, కాసేపు ఆగాడు. ఎవరూ చప్పట్లు కొట్టి ఆ ఖాళీని నింపలేదు. అది కూడా మంచిదే అయింది.

మేం ఇద్దరం ఆలోచించనిది ఒకటి మిగిలిపోయింది. కార్యక్రమం కాగితంలో టోస్ట్ అయ్యాక కేకు, తర్వాత భోజనాలు అని రాసుకున్నాం. వదిన మాట్లాడుతుందని ఎవరం అనుకోలేదు. గ్లాసులు దించాక ఆవిడ చెయ్యి చాచి మైకు తీసుకుంది. “త్రీ వీక్స్ కాదండీ, పదకొండు రోజులు. లైసెన్సు ఇంకా పర్సులో పెట్టనేలేదు, డాష్‌బోర్డు మీదే ఉంది” అని మొదలుపెట్టి, ఆ ప్రయాణం కథ తన వైపు నుంచి మొత్తం చెప్పింది, తెలుగులో కొంత, ఇంగ్లీషులో కొంత, ఎక్కడ ఏది నోటికొస్తే అది. బఫే వాళ్లు మూతలు తీసి మళ్లీ పెట్టేశారు.